సంజాయిషీలో నిజం రాస్తే: ఆలస్యంగా వచ్చిన గుమాస్తా కథ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కూలుతుంది

క్లుప్తంగా: ఆఫీసుకు ఆలస్యంగా వచ్చిన చిన్న గుమాస్తా సంజాయిషీలో నిజం రాస్తాడు, దాన్ని చదివి కఠినుడైన అధికారి మనసు మారుతుంది. ఆదివారం అనుబంధాల్లోనూ కథల పోటీల్లోనూ ఈ ఇతివృత్తం తరచూ కనిపిస్తుంది. చాలాసార్లు పాఠకుడు దీన్ని నమ్మడు, ముఖ్యంగా ఆఫీసులో పనిచేసినవాడు అసలు నమ్మడు. నిజానికి విలువ రావాలంటే అది రాసినవాడికి ఏదో ఒక నష్టం కలగాలి, అధికారికి అంతకుముందు తెలియని సంగతి ఒకటి తెలియాలి. ఆ రెండూ హాజరు నిబంధనల్లోంచీ, కాగితం నడిచే దారిలోంచీ పుడతాయి. ఈ వ్యాసం ఒక నమూనా కథను తీసుకుని ఆ యంత్రాంగాన్ని విప్పి చూపుతుంది.

ఆలస్యానికి ఆఫీసు కట్టిన ధర

కథకులు ఎక్కువగా దాటేసే విషయం ఇది. గుమాస్తా ఆలస్యంగా వచ్చాడు, అధికారి మండిపడ్డాడు అని రాసి ముందుకు పోతారు. ఆ ఆలస్యం వల్ల గుమాస్తా ఏం కోల్పోతాడో చెప్పరు. అది తెలియనప్పుడు నిజం చెప్పడం వల్ల పోయేదేమిటో కూడా పాఠకుడికి తెలియదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ కార్యాలయాల్లో చిరకాలంగా నడిచిన పద్ధతి ప్రకారం పనివేళలు ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5 వరకు. పది నిమిషాల వెసులుబాటు ఉంటుంది. 10:40కి హాజరు పట్టీ అధికారి గదిలోకి వెళ్తుంది. ఆ తర్వాత వచ్చినవాడు అధికారి ఎదుట నిలబడి సంతకం పెట్టాలి, వచ్చిన వేళ రాయాలి. మూడు ఆలస్యాలకు ఒక క్యాజువల్ లీవు పోతుంది. ఏడాదికి ఉండేవి 15 సి.ఎల్.లు. పెళ్లికీ చావుకీ పిల్లవాడి జ్వరానికీ వాటిలోంచే సర్దుకోవాలి కాబట్టి డిసెంబరు దగ్గరపడే కొద్దీ ఒక్క సి.ఎల్. కూడా బంగారమే.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల లెక్క వేరు. అక్కడ సి.ఎల్.లు ఏడాదికి 8 మాత్రమే, ప్రతి ఆలస్యానికీ అరపూట సి.ఎల్. కోత పడుతుంది. అయితే గంటలోపు ఆలస్యమైతే, అది తప్పనిసరి కారణం వల్లే జరిగిందని అధికారికి నమ్మకం కుదిరితే, నెలకు రెండుసార్ల దాకా మన్నించవచ్చు.

రెండు పద్ధతులకూ చూడ్డానికి పెద్ద తేడా లేదు. కథ రాసేవాడికి మాత్రం చాలా తేడా ఉంది. కేంద్ర కార్యాలయంలో కారణమే సెలవును కాపాడుతుంది. బస్సు చెడిపోయిందంటే తప్పనిసరి, నిద్ర లేవలేదంటే కాదు. అక్కడ నిజం ధర సరిగ్గా అరపూట సెలవు, అది మొదటి రోజునే చెల్లించాలి. రాష్ట్ర కార్యాలయంలో మొదటి రెండు ఆలస్యాలకూ సెలవు పోదు. అందుకే మొదటి రెండు సంజాయిషీలనూ ఎవరూ పట్టించుకుని చదవరు, ఎవరూ ఆలోచించి రాయరు కూడా. అసలు పరీక్ష మూడోసారి వస్తుంది. కాబట్టి రాష్ట్ర కార్యాలయంలో నడిచే కథ మూడో ఆలస్యం రోజున మొదలైతేనే బిగువు ఉంటుంది. అప్పటికే రెండు సంజాయిషీలు ఫైల్లో ఉంటాయి. మూడోదాంట్లో నిజం రాస్తే ఆ రెండూ అబద్ధాలని ఒప్పుకున్నట్టే అవుతుంది.

బస్సు మీద నెట్టిన సంజాయిషీలు

ఆలస్యానికి ఇచ్చే సంజాయిషీలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. “బస్సు ఆలస్యమైనందున సకాలంలో హాజరు కాలేకపోయాను. ఇకముందు ఇలా జరగకుండా చూసుకుంటాను. ఈసారికి మన్నించగలరు.” ఇందులో అధికారి సరిచూసుకోగలిగేది ఏమీ లేదు. ఏ బస్సు, ఎన్ని గంటలకు, ఎక్కడ ఆగింది అన్న వివరం ఉండదు. సరిచూసుకోలేనిదాన్ని కాదనడానికీ ఆధారం ఉండదు కాబట్టే అందరూ బస్సు మీదే నెడతారు.

అనుభవమున్న అధికారులకు ఇది తెలియక కాదు. ఒకే ఊరినుంచి ఒకే బస్సులో ఇద్దరు ఉద్యోగులు వస్తున్నప్పుడు, ఒకరి సంతకం 10:25కి ఉండి రెండోవారి సంజాయిషీ బస్సును తప్పుబడితే సంగతి అక్కడే తేలిపోతుంది. అయినా అధికారి దాన్ని సాగదీయడు. అబద్ధమని తేల్చడానికి మెమో ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, దాన్ని ఫైలు చేయాలి. ఇరవై నిమిషాల ఆలస్యానికి అంత కాగితం ఖర్చు పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందంలో ఉన్నట్టే నడుస్తుంది. కింది ఉద్యోగి బస్సు అని రాస్తాడు, పై అధికారి పొట్టి సంతకం పెడతాడు. కఠినుడని పేరున్న అధికారి చేసే తేడా ఒక్కటే, సంతకంతో పాటు సెలవు కూడా కోస్తాడు.

కథలో అధికారి కోపానికి న్యాయమైన కారణం ఉండాలి. ఊరికే కోపిష్టిగా చూపిస్తే చివర్లో అతను మారడానికి విలువ ఉండదు. పాసుపుస్తకం కోసమో పింఛను కాగితం కోసమో దూరపు పల్లెనుంచి మొదటి బస్సెక్కి వచ్చినవాడు 10:30కే వరండాలో కూర్చుని ఉంటాడు. ఖాళీ కుర్చీలు అతనికే ముందు కనిపిస్తాయి. అధికారి గదికి కిటికీ ఆ వరండా వైపే ఉందంటే చాలు. కఠినత్వానికి ఇంతకంటే గతచరిత్ర అక్కర్లేదు.

నమూనా కథ

ఒక జిల్లా కార్యాలయం అనుకుందాం. సెక్షన్లు మూడు. బి సెక్షన్‌లో బి2 సీటు చూసే జూనియర్ అసిస్టెంటు ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. నేరుగా నియమితులైనవారికి మూడేళ్ల నిరంతర కాలంలో రెండేళ్లు విధుల్లో ఉంటేనే ప్రొబేషన్ పూర్తవుతుంది. కొత్త అధికారి వచ్చి రెండు నెలలైంది. 10:40కి పట్టీ తెప్పించుకోవడం అతనే మళ్లీ మొదలుపెట్టాడు. దానితోపాటు ప్రతి మంగళవారం అసిస్టెంట్ల పర్సనల్ రిజిస్టర్లు తనే చూస్తున్నాడు.

పర్సనల్ రిజిస్టరు అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక మాట. తపాలులో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు పడుతుంది, దాన్ని ఆఫీసు భాషలో కరెంటు అంటారు. ఆ కరెంటు ఏ సీటుకు వెళ్తే ఆ అసిస్టెంటు తన రిజిస్టరులో దాన్ని ఎక్కించుకోవాలి. ఎప్పుడు వచ్చింది, విషయమేమిటి, దానిమీద ఏం చేయాలో సూచిస్తూ నోటు రాసి ఎప్పుడు పైకి పెట్టాడు, ఎక్కడికి పోయింది అన్నవన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. మనిషి ఆఫీసుకు వచ్చాడా లేదా అన్నది హాజరు పట్టీ చెబుతుంది. వచ్చి ఏం చేశాడో ఈ రిజిస్టరు చెబుతుంది. అందుకే అసిస్టెంట్లు పట్టీకంటే దీనికే ఎక్కువ భయపడతారు.

బి2 అసిస్టెంటు ఆ నెల 6న ఆలస్యంగా వచ్చాడు, 13న మళ్లీ వచ్చాడు. రెండుసార్లూ బస్సు అని రాసిచ్చాడు. 20న 11:10కి వచ్చాడు. ఇది మూడోది. ఈసారి అతను రాసింది ఇలా ఉంటుంది:

“అయ్యా, ఈ రోజు 11:10కి హాజరయ్యాను. బస్సు సమయానికే వచ్చింది. 10:15కి స్టాండులో దిగాను. రిజిస్టర్ల తనిఖీ ఉందని భయపడి ఆఫీసుకు ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాను. నా సీటులో నాలుగు కరెంట్లు నెల దాటి ఉన్నాయి. మూడింటికి నోటు ఎలా పెట్టాలో నాకు తెలియలేదు, ఎవరినీ అడగలేదు. నాలుగోది నా అశ్రద్ధ. 6న, 13న బస్సు ఆలస్యమని రాసినది నిజం కాదు. సెలవు తగ్గించవలసిందిగా కోరుతున్నాను.”

ఈ సంజాయిషీలో రోడ్డు ప్రమాదం లేదు, ఆస్పత్రిలో ఉన్న తల్లి లేదు. ఈ రకం కథలు ఎక్కువగా చెడేది అక్కడే. గుమాస్తా దారిలో ఎవరినో కాపాడబోయి ఆలస్యమయ్యాడని రాస్తే అధికారి కరగడానికి నిజాయితీ అక్కర్లేదు, ఆ ఉపకారమే చాలు. పైగా అంత గొప్ప కారణం ఉన్నవాడు దాన్ని రాయడానికి వెనకాడడు కాబట్టి అందులో ధైర్యం కూడా కనిపించదు. కారణం నామోషీగా ఉన్నప్పుడే అది రాయడం కష్టమవుతుంది. టీకొట్టులో కూర్చోవడం కంటే చిన్నతనం ఆఫీసులో మరొకటి ఉండదు.

తేదీలను కూడా గమనించాలి. 6, 13, 20 మూడూ ఏడేసి రోజుల దూరంలో ఉన్నాయి, అంటే మూడూ మంగళవారాలే. సంజాయిషీలో ఆ మాట లేదు. గుమాస్తాకు అది తట్టకపోయినా పరవాలేదు, పాఠకుడు ముందే పసిగట్టినా పరవాలేదు. అధికారి మాత్రం దాన్ని తన కళ్లతో చూడాలి.

సూపరింటెండెంటు బల్ల దగ్గర

కాగితం నేరుగా అధికారికి చేరదు. జూనియర్ అసిస్టెంటు రాసిన ఏ కాగితమైనా సెక్షన్ సూపరింటెండెంటు మీదుగా పోవాలి. కథలు ఈ మెట్టును మరిచిపోయి గుమాస్తా చేత నేరుగా అధికారి చేతికి చీటీ ఇప్పిస్తాయి. నిజానికి ఈ కథలో పదునైన ఘట్టం ఈ మధ్య బల్ల దగ్గరే ఉంది.

సూపరింటెండెంటు చెడ్డవాడు కానక్కర్లేదు. అతని ఇబ్బంది అతనిది. నాలుగు కరెంట్లు నెల దాటి ఉన్నాయంటే వారంవారం రిజిస్టరు చూడాల్సిన తానూ చూడలేదని తేలుతుంది. మూడింటికి నోటు పెట్టడం తెలియలేదంటే నేర్పాల్సిన తాను నేర్పలేదనీ తేలుతుంది. గుమాస్తా తన తప్పు ఒక్కటే ఒప్పుకున్నాననుకుంటాడు, కానీ ఆ కాగితం ఇద్దరి తప్పును పైకి మోస్తోంది. కాబట్టి సూపరింటెండెంటు దాన్ని చదివి, అటూ ఇటూ చూసి, మెల్లగా అనే మాట ఇదే అయ్యుంటుంది: “ఏమయ్యా, నీకేమైనా పిచ్చా? బస్సని రాసివ్వు. ఆ నాలుగూ రేపు కూర్చుని చేసేద్దాం.”

ఇది దయగల మాటే, ఆచరణలో సాధ్యమైన మాట కూడా. అందుకే ఇది నిజమైన శోధన అవుతుంది. ఇక్కడ గుమాస్తా ఒప్పుకుని కొత్త చీటీ రాస్తే కథ లేదు. ఒప్పుకోకపోతే సూపరింటెండెంటు ఏం చేయగలడో తెలిసి ఉండాలి. కాగితాన్ని ఆపేసే అధికారం అతనికి లేదు, ఆలస్యం మాత్రం చేయగలడు. తన వ్యాఖ్య జోడించి పంపగలడు. “అసిస్టెంటు పలుమార్లు హెచ్చరించినా మారలేదు” అన్న ఒక్క వాక్యం అడుగున చేరితే పైన ఉన్న నిజమంతా వేరే రంగు పూసుకుంటుంది. ఏమీ రాయకుండా పొట్టి సంతకం పెట్టి పైకి పంపితే, ఆ నిశ్శబ్దంలో అతని సగం ఒప్పుకోలు ఉంటుంది. నమూనా కథకు ఈ చివరిది బాగా నప్పుతుంది. ముగ్గురిలో ఎవరినీ దుర్మార్గుడిగా చేయకుండానే కాగితం ముందుకు సాగుతుంది.

అధికారి ముందున్న దారులు

సంజాయిషీ చదివిన అధికారికి ఎన్ని దారులున్నాయో తెలిస్తేనే అతను ఎంచుకున్నదానికి అర్థం ఉంటుంది. మన్నించి వదిలేయవచ్చు. సెలవు కోసి ఊరుకోవచ్చు. ఇకముందు జాగ్రత్త అని మెమో ఇవ్వవచ్చు. ఈ మూడింటిలో ఏదీ శిక్ష కిందకు రాదు. నాలుగో దారి బరువైనది. ముందు రెండు సంజాయిషీలు అబద్ధమని ఉద్యోగే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు, పని పెండింగు పెట్టానని కూడా ఒప్పుకున్నాడు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి విధుల పట్ల శ్రద్ధనూ చిత్తశుద్ధినీ కోరుతుంది. ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలను నిర్దేశించే 1991 నాటి సి.సి.ఎ. నిబంధనల కింద అభియోగ పత్రం ఇచ్చి అభిశంసన లాంటి చిన్న శిక్ష వేసే దారి తెరిచే ఉంది. అభిశంసన పైకి మందలింపులాగే కనిపిస్తుంది. అయితే అది నిబంధనల్లో లెక్కించిన శిక్షల జాబితాలో ఉంది, మామూలు హెచ్చరిక లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ తేడా జీవితకాలపు తేడా కావచ్చు.

బస్సు అని రాసుంటే గుమాస్తాకు పోయేది ఒక సి.ఎల్. మాత్రమే. నిజం రాసినందువల్ల నాలుగో దారి తెరుచుకుంది. కథలో చెప్పని ఈ లెక్కే ఆ చీటీకి బరువు ఇస్తుంది.

అధికారి మొదట ఆ నాలుగో దారి వైపే మొగ్గాలి. అబద్ధపు సంజాయిషీ ఒప్పుకోలుతో సహా చేతికి దొరికింది, కఠినుడైన అధికారికి ఇంతకంటే తేలికైన కేసు ఉండదు. మెమో రాయించడానికి 6, 13 తేదీల పట్టీ తెప్పించుకుంటాడు. అక్కడ మలుపు వస్తుంది. ఆ తేదీలకు ఎదురుగా బి2 ఆలస్యం ఒక్కటే లేదు. 6న ఏ1 సి.ఎల్.లో ఉన్నాడు. 13న సి3 సి.ఎల్.లో ఉన్నాడు, ఏ1 మధ్యాహ్నం నుంచి అరపూట సెలవు పెట్టాడు. ఈ రోజు కూడా రెండు ఖాళీలున్నాయి. పట్టీని వెనక్కి తిప్పితే తాను తనిఖీ మొదలుపెట్టిన వారం నుంచీ మంగళవారం గడులే పలచబడుతూ వచ్చాయి. మిగతా వారం మాత్రం నిండుగా ఉంది.

ఇప్పుడతనికి కొత్త సంగతి తెలిసింది. రెండు నెలలుగా 10:40 పట్టీని చూసి ఆఫీసు దారిలో పడిందని అతను నమ్ముతున్నాడు. హాజరు నిజంగానే మెరుగుపడింది. పని మాత్రం తనిఖీ రోజున సెలవుల వెనక దాక్కుంటోంది. చట్టబద్ధంగా సెలవు పెట్టినవాళ్లను ఏ పట్టీ పట్టుకోలేదు. సెలవు పెట్టే నేర్పు లేక టీకొట్టులో కూర్చున్న కొత్తవాడే పట్టుబడ్డాడు, అదీ తనంతట తాను రాసిచ్చి. అధికారి చూపు మారడానికి ఇది చాలు. ఇక్కడ కరుణ కంటే లెక్క ఎక్కువ పనిచేసింది. కఠినుడైన మనిషి లెక్కకే ముందు లొంగుతాడు కాబట్టి పాఠకుడు నమ్ముతాడు.

ఆ తర్వాత అతను మార్జిన్‌లో రాసేది రెండు పంక్తులు: “సి.ఎల్. తగ్గించండి. నాలుగు కరెంట్లతో సూపరింటెండెంటు, అసిస్టెంటు రేపు 3 గంటలకు నాతో మాట్లాడాలి.” ‘మాట్లాడాలి’ అన్నది ఆఫీసులో చాలా వాడుక మాట. ఫైలు మీద ఆ మాట రాశారంటే కాగితాన్ని తిప్పి పంపకుండా కూర్చోబెట్టి పరిష్కరిస్తారని అర్థం. మొదటి పంక్తి అతను మారలేదని చెబుతుంది, రెండో పంక్తి మారాడని చెబుతుంది. సెలవు కోయకుండా వదిలేస్తే నిజాయితీ ఒక పైరవీలా మిగిలిపోతుంది. వచ్చే మంగళవారం నుంచి అందరూ టీకొట్టు అనే రాస్తారు.

పాత అబద్ధాల సంగతి ఏమైంది అని పాఠకుడు అడుగుతాడు. దాన్ని కథ దాటేయకూడదు. అధికారి ఆ రెండు పాత సంజాయిషీలను ఇదే కాగితం కింద జతపరచమని చెప్పి, “చూశాను” అని సంతకం పెడితే సరిపోతుంది. అభియోగం మోపలేదు, అలాగని చూడనట్టు నటించలేదు. రేపు ఇంకో అధికారి వచ్చి ఆ ఫైలు తెరిస్తే మొత్తం అందులోనే ఉంటుంది. ఇంత స్పష్టమైన ఒప్పుకోలు మీద చర్య ఎందుకు తీసుకోలేదని ఆ వచ్చినవాడు ప్రశ్నించవచ్చు కూడా. ఆ అవకాశాన్ని మిగల్చడం వల్ల అధికారి కూడా కొంత ప్రమాదం నెత్తికెత్తుకున్నట్టవుతుంది.

చింపగలిగిన చీటీ, చింపలేని చీటీ

నిజం ఒప్పుకున్న చీటీ పెద్దల మనసు మార్చిన సంఘటనల్లో మన పాఠకులందరికీ తెలిసినది గాంధీ ఆత్మకథలో ఉంది. పదిహేనేళ్ల వయసులో అన్న చేతి కడియంలోంచి కొంచెం బంగారం తీసి, ఆ అన్న చేసిన అప్పు తీర్చాడు. ఆ అప్పు పాతిక రూపాయల దాకా ఉంది. తర్వాత మనసు ఒప్పక కాగితం మీద అంతా రాసి, జబ్బుతో మంచం పట్టిన తండ్రి చేతికి స్వయంగా ఇచ్చాడు. అందులో తనను శిక్షించమని అడిగాడు, ఇకమీదట దొంగతనం చేయనని మాటిచ్చాడు, తన తప్పుకు తండ్రి తనను తాను శిక్షించుకోవద్దని వేడుకున్నాడు. తండ్రి చదివి కన్నీరు పెట్టుకున్నాడు, కాసేపు కళ్లు మూసుకుని ఆ కాగితాన్ని చింపేశాడు.

ఆఫీసు కథ రాసేవారు తెలిసో తెలియకో ఈ నమూనానే దిగుమతి చేసుకుంటారు. చివర్లో అధికారి కళ్లు చెమర్చడం, సంజాయిషీని చింపి చెత్తబుట్టలో వేయడం అందుకే వస్తాయి. ఇంట్లో అది సరిపోయింది, ఎందుకంటే తప్పూ క్షమా రెండూ ఇద్దరి మధ్యే ఉన్నాయి. తండ్రికి పైన మరెవరూ లేరు, కాగితం ఎవరికీ లెక్క చెప్పాల్సినది కాదు. ఆఫీసులో సంజాయిషీ చేతికందిన క్షణం నుంచి అది రికార్డు. సూపరింటెండెంటు సంతకం అప్పటికే దానిమీద ఉంది, పట్టీలో 11:10 అని రాసి ఉంది. దాన్ని చింపిన అధికారి తానే తప్పు చేసినవాడవుతాడు. నిజం రాసినవాడిని మెచ్చుకోవడానికి రికార్డు మాయం చేయడం కంటే విడ్డూరం ఉండదు.

అయినా ఆ ఇంటి చీటీలోంచి ఆఫీసు చీటీ తీసుకోగలిగినది ఒకటుంది. శిక్షను రాసినవాడే అడిగాడు. నమూనా సంజాయిషీలో “సెలవు తగ్గించవలసిందిగా కోరుతున్నాను” అన్న వాక్యం ఆ పనే చేస్తుంది. మన్నించమని అడిగితే నిర్ణయం అధికారి దయ మీద ఆధారపడుతుంది. శిక్ష తనే అడిగినప్పుడు దయ ప్రసక్తి పోయి, మిగిలిన విషయాన్ని అధికారి చూడక తప్పదు.

క్షమాపణ మోతాదు మించితే

ఇదే ఇతివృత్తానికి తలకిందుల రూపం చెహోవ్ 1883లో రాసిన గుమాస్తా మరణం కథ. థియేటరులో ఒక చిరుద్యోగి తుమ్ముతాడు, తుంపర్లు ముందు వరుసలో కూర్చున్న పెద్ద అధికారి మీద పడతాయి. అధికారి పట్టించుకోడు. చిరుద్యోగి మాత్రం క్షమాపణ చెబుతూనే ఉంటాడు. అక్కడే చెబుతాడు, విరామంలో చెబుతాడు, మర్నాడు ఆఫీసుకు వెళ్లి చెబుతాడు, మళ్లీ వెళ్తాడు. చివరికి అధికారి బయటికి పొమ్మని అరుస్తాడు. అతను ఇంటికి పోయి సోఫాలో పడుకుని చచ్చిపోతాడు.

ఆ మనిషి కూడా అబద్ధమాడలేదు. అయితే అతని క్షమాపణల్లో అధికారికి పనికొచ్చే కొత్త సంగతి ఒక్కటీ లేదు, ఉన్నదంతా అతని భయమే. సంజాయిషీలో నామోషీ ఎంత రాయాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. నమూనా చీటీలో భయం ఒక్క మాటలో ఉంది, “భయపడి”. ఆ తర్వాతివన్నీ వేళలు, తేదీలు, కరెంట్ల సంఖ్య. ఇంకో రెండు వాక్యాలు తన బాధ మీద, కుటుంబ పరిస్థితి మీద, అధికారి గొప్పతనం మీద చేరిస్తే అది అర్జీగా మారుతుంది. అధికారులు రోజూ చదివే అర్జీల్లో ఇంకొకటి అవుతుంది.

నాలుగు కరెంట్లలో ఒకటి “నా అశ్రద్ధ” అని విడదీయడం కూడా అందుకే. నాలుగింటికీ తెలియకపోవడమే కారణమంటే కొత్తవాడి అమాయకత్వం కింద కొట్టుకుపోయేది. నాలుగూ అశ్రద్ధే అంటే అతిగా కొట్టుకున్నట్టు ఉండేది. మూడు ఒకలా, ఒకటి మరోలా ఉన్నప్పుడు అతను నిజంగానే రిజిస్టరు ముందేసుకుని లెక్కపెట్టాడని తెలుస్తుంది. చిన్న విడదీత ఒకటి పది ప్రమాణాల కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

పట్టీ పోయి ముఖ హాజరు వచ్చాక

ఈ కథను ఇవాళ్టి ఆఫీసులో నడపాలనుకునేవారికి ఒక చిక్కుంది. కేంద్ర కార్యాలయాల్లో ఆధార్‌తో ముడిపడిన వేలిముద్ర హాజరు 2014లోనే మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి ప్రభుత్వ కార్యాలయాల్లో ఫోను యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. 10:40కి అధికారి గదిలోకి పట్టీ వెళ్లే దృశ్యం చాలాచోట్ల పాతబడింది. ఫైళ్లు ఈ-ఆఫీసులోకి మారినచోట ఏ సీటులో ఎన్ని ఎన్నాళ్లుగా ఆగాయో అధికారి తన తెర మీదే చూసుకోగలడు. అక్కడ తనిఖీ రోజుకు ప్రత్యేకంగా భయపడాల్సిన పని లేదు, రోజూ తనిఖీయే.

అందువల్ల కథ చచ్చిపోదు కానీ దాని కీలు చోటు మారుతుంది. వచ్చిన వేళ గురించి అబద్ధమాడే వీలు యంత్రం వల్ల పోయింది. కారణం గురించి అబద్ధమాడే వీలు అలాగే ఉంది. యంత్రానికి 11:10 తెలుస్తుంది, టీకొట్టు తెలియదు. పెండింగు నాలుగని తెలుస్తుంది, అందులో మూడు చేతకాక ఆగాయని తెలియదు. కొత్త ఆఫీసులో కథ రాసేవారు ఆలస్యాన్ని దాచిపెట్టిన రహస్యంగా వాడకూడదు, అది అందరి తెరమీదా ఉన్నదే. సంజాయిషీ చెప్పాల్సినది ఆ అంకెల మధ్య ఏం జరిగిందో మాత్రమే.

పాత పద్ధతిలోనే కథ నడపాలంటే కాలాన్ని మొదటి పేరాలోనే తేల్చి చెప్పడం మేలు. హాజరు పట్టీ, పర్సనల్ రిజిస్టరు, తపాలు, ఎర్రసిరా కనిపిస్తే పాఠకుడు తనంతట తాను పాత కాలానికి వెళ్తాడు. కథ మధ్యలో గుమాస్తా ఫోను తీసి పటంలో బస్సు ఎక్కడుందో చూసుకున్నాడంటే మాత్రం, బస్సు ఆలస్యమన్న ఆ మొదటి రెండు సంజాయిషీలనూ అధికారి ఎందుకు సరిచూసుకోలేదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి కథలో జవాబుండదు.